ఎవరికి భయపడాలి?

తెలుగులో ఒక మనిషిని మెచ్చుకోవాలంటే "పాపభీతి ఉన్నవాడండీ" అంటాం. చిన్నబుచ్చాలంటే "ఒట్టి పిరికివాడు" అంటాం. రెండు చోట్లా ఉన్నది భయమే. అయినా మొదటివాడి చేతికి ఇంటి తాళాలిచ్చి ఊరెళ్తాం, రెండోవాణ్ణి రాత్రిపూట తోడు రమ్మనడానికి కూడా వెనకాడతాం. పాపభీతి ఉన్నవాడు పక్కవాడి పొలం గట్టు జానెడు కూడా జరపడు. చదువురాని ముసలమ్మ బాకీ లెక్కలో ఒక్క రూపాయి ఎక్కువ వేయడు. అడిగేవాళ్ళు లేకపోయినా వేయడు. అలాంటివాణ్ణి చూసి "అయ్యో, ఎంత భయపడుతూ బతుకుతున్నాడో" అని ఎవరూ జాలిపడరు. పైగా అతనికి ఎవరన్నా లెక్కలేదనీ, ఎంతటివాడితోనైనా ముఖం మీదే మాట్లాడతాడనీ చెప్పుకుంటారు. ఒక భయం ఉన్నవాడికి మిగతా భయాలు తక్కువగా ఉండటమేమిటి?

ఈ ప్రశ్నకు చాలా పాత జవాబు ఒకటి హీబ్రూ బైబిల్లో ఉంది. దేవుడి పట్ల భయమే జ్ఞానానికి మొదలు అనే అర్థం వచ్చే మాట అక్కడ కొద్దికొద్ది తేడాలతో పదేపదే కనిపిస్తుంది. సామెతల గ్రంథం మొదటి అధ్యాయంలో ఉంది, తొమ్మిదో అధ్యాయంలో ఉంది, 111వ కీర్తన చివర ఉంది. యోబు గ్రంథం 28వ అధ్యాయం ముగింపులో అయితే ఆ భయమే జ్ఞానమని తేల్చేశారు. తెలుగు బైబిలు చేతిలో ఉన్నవాళ్ళకు ఇక్కడొక చిన్న విశేషం కనబడుతుంది. కీర్తనలో "భయము" అన్న అనువాదకులు సామెతల దగ్గరికొచ్చేసరికి "భయభక్తులు" అన్నారు. మూలంలో రెండు చోట్లా ఉన్నది ఒకే ఒక్క మాట. దాని పేరు యిర్‌ఆ. ఉత్త భయమంటే గొంతు దిగదేమోనని పక్కన భక్తిని కూడా చేర్చినట్టున్నారు.

ఆ మొహమాటం ఒక్క తెలుగువాళ్ళదే కాదు. ఈ వచనం మీద ఏ భాషలో ప్రసంగం విన్నా మొదటి అయిదు నిమిషాల్లో ఒక సర్దుబాటు వినిపిస్తుంది: ఇక్కడ భయమంటే భయం కాదు, గౌరవం. ఆ మాట అనగానే వినేవాళ్ళు కుదుటపడతారు. ప్రేమించే దేవుడికి భయపడటమేమిటన్న ఇబ్బంది తీరిపోతుంది. కానీ హీబ్రూ మాట ఇంత తేలిగ్గా లొంగేది కాదు. యిర్‌ఆకు మూలమైన క్రియ, బైబిల్లో మొట్టమొదట పలికింది ఆదాము నోట. తినొద్దన్న పండు తిని, దేవుడి అడుగుల చప్పుడు విని, చెట్ల చాటుకు వెళ్ళాడు. ఎక్కడున్నావంటే, దిగంబరంగా ఉన్నాను గనుక భయపడి దాక్కున్నానన్నాడు. అక్కడ గౌరవం అనే అర్థం ఎలా పెడతాం? నాలుగు వందల మందితో ఎదురొస్తున్న అన్న ఏశావును తలుచుకుని యాకోబు వణికినప్పుడూ ఇదే క్రియ. వెనక ఐగుప్తు రథాలు, ముందు సముద్రం ఉన్న జనం గోలపెట్టినప్పుడూ ఇదే. హీబ్రూలో భయానికి వేరే మాటలు లేక కాదు. ఉలిక్కిపడే భయానికి పహద్ ఉంది, వణుకుకు హరదా ఉంది, గౌరవానికి కావోద్ అనే చక్కటి మాట ఉంది. కేవలం గౌరవమే చెప్పదలచుకుంటే కావోద్ అనేవారు. అనలేదు.

వ్యాకరణం సాయంతో ఈ చిక్కు విప్పాలని చూసినవాళ్ళున్నారు. మన భాషలో "వాడు అమ్మకి భయపడతాడు" అంటే ఒకటి, "కుక్కను చూసి భయపడతాడు" అంటే మరొకటి. హీబ్రూలో కూడా ఆ క్రియ పక్కన వచ్చే చిన్న మాటల్ని బట్టి ఇలాంటి తేడా కొంత పోల్చుకోవచ్చు. నేరుగా కర్మతో కలిస్తే భక్తి వైపు, "నుంచి" అనే అర్థమున్న మాటతో కలిస్తే బెదురు వైపు మొగ్గుతుంది. కానీ అది మొగ్గే గాని నియమం కాదు. సంఖ్యాకాండంలో శత్రు దేశపు జనానికి భయపడొద్దని చెప్పేటప్పుడు భక్తి రూపం వాడారు. లేవీయకాండంలో దేవుడికి భయపడమని చెప్పేటప్పుడు బెదురు రూపం వాడారు. అంటే ఆ భాష మాట్లాడినవాళ్ళు ఈ రెంటినీ వేరువేరు గదుల్లో పెట్టుకోలేదు. ఒకే భయం. అది ఎటు తిరిగి ఉంది, మనిషి చేత ఏం చేయిస్తోంది అన్నదే వాళ్ళకు ముఖ్యం.

ఇది ఊహ కాదు. నిర్గమకాండం 20వ అధ్యాయంలో, సీనాయి కొండ కింద, ఈ సంగతి ఒకే ఒక్క వాక్యంలో తేటతెల్లంగా ఉంది. పది ఆజ్ఞలు అప్పుడే వినిపించాయి. ఉరుములు, మెరుపులు, కొమ్ము బూర శబ్దం, పొగ కక్కుతున్న కొండ. జనం వణికి దూరంగా జరిగారు. నువ్వే మాతో మాట్లాడు, దేవుడు మాట్లాడితే చచ్చిపోతామని మోషేను బతిమాలుకున్నారు. దానికి మోషే ఇచ్చిన జవాబు వింతైనది. ముందు భయపడొద్దన్నాడు. ఆ వెంటనే, దేవుడు వచ్చిందే ఆయన భయం మీ ముఖాల మీద నిలిచి మీరు పాపం చేయకుండా ఉండటానికని అన్నాడు. రెండు చోట్లా అదే ధాతువు. భయపడొద్దు, భయం ఉండాలి. వినేవాడికి తల తిరగాలి. కానీ జనం ఏం చేశారో చూస్తే ముడి వీడుతుంది. వాళ్ళ భయం వాళ్ళను వెనక్కి నడిపించింది. చెట్ల చాటుకు ఆదామును నడిపించినట్టే. మోషే వద్దన్నది దాన్ని. ఉండాలన్న భయం పని వేరు. తప్పు చేయబోయే చేతిని అది పట్టుకుని ఆపుతుంది. మొదటిది దేవుడి నుంచి పారిపోయేలా చేస్తుంది, రెండోది దేవుడు ఎదుటే ఉన్నాడన్న ఎరుకతో నిలబెడుతుంది. మాట మారలేదు, మనిషి నిలబడిన చోటు మారింది.

సరే, నిలబడ్డాడు. దానికీ జ్ఞానానికీ ఏమిటి సంబంధం? ఇది సిద్ధాంతంగా చెబితే పొడిపొడిగా ఉంటుంది. అదే నిర్గమకాండం మొదటి అధ్యాయంలో ఒక కథ ఉంది. వచనం సారమంతా అందులో ఉందని నా నమ్మకం.

ఐగుప్తులో ఇశ్రాయేలు జనం పెరిగిపోతున్నారు. యోసేపును ఎరగని కొత్త రాజు వచ్చాడు. యుద్ధం వస్తే వీళ్ళు శత్రువుల పక్షం చేరతారేమోనని అతని బెంగ. అప్పుడు తనవాళ్ళతో, వీళ్ళ విషయంలో మనం తెలివిగా నడుచుకుందాం రండి అన్నాడు. అక్కడ అతను వాడిన క్రియ హొఖ్మా అనే మాటకు తోబుట్టువు. హొఖ్మా అంటే జ్ఞానం, మన వచనంలో ఉన్న ఆ జ్ఞానమే. ఫరో దృష్టిలో అదంతా జ్ఞానం కింద లెక్క. ముందు వెట్టిచాకిరీ పెట్టాడు, పని చేయలేదు. ఎంత అణిచితే అంత పెరిగారు. రెండో పథకం ఇంకా తెలివైనది. చప్పుడు లేకుండా, మురికంతా మంత్రసానుల చేతికి అంటుకునేలా. షిఫ్రా, పూయా అనే ఇద్దరు మంత్రసానుల్ని పిలిపించి, కాన్పు రాళ్ళ మీద చూడండి, మగపిల్లవాడైతే చంపండి, ఆడపిల్లైతే బతకనివ్వండి అన్నాడు.

ఇప్పుడు ఆ ఇద్దరి పరిస్థితి చూడండి. ఎదురుగా ఉన్నవాడు మామూలు అధికారి కాదు, ఐగుప్తు రాజు. మాట కాదంటే తల ఉండదు. ఆజ్ఞ పాటిస్తే ఎవరికీ తెలియదు కూడా. కాన్పులో బిడ్డ పోవడం ఆ రోజుల్లో ఎక్కడైనా జరిగేదే. తల్లికైనా అనుమానం రాదు. భయపడటానికి అన్ని కారణాలూ ఉన్నాయి. వాళ్ళు నిజంగానే భయపడ్డారు. కథకుడు సరిగ్గా ఆ మాటే రాశాడు, యిర్‌ఆ ధాతువుతోనే. కాకపోతే భయపడింది దేవుడికి. అందుకని రాజు చెప్పింది చేయలేదు, పిల్లల్ని బతకనిచ్చారు. రాజు పిలిచి నిలదీస్తే, హీబ్రూ ఆడవాళ్ళు గట్టివాళ్ళు, మేం చేరేలోపే కనేస్తున్నారని ఒక జవాబు చెప్పారు. ఆ జవాబులో నిజమెంతో తెలియదు గాని, చెప్పిన తీరులో వణుకు మాత్రం లేదు. ఫరోను ఎగతాళి చేసినంత పని చేశారు.

గమనించాల్సినవి ఇంకో రెండున్నాయి. మొదటిది పేర్ల సంగతి. ఆ కథలో మహారాజుకు పేరు లేదు. ఏ ఫరో అన్న చర్చ పండితుల మధ్య ఇప్పటికీ సాగుతూనే ఉంది. మంత్రసానులిద్దరి పేర్లు మాత్రం భద్రంగా ఉన్నాయి. రెండోది వాళ్ళ జాతి. మూలంలోని మాటలకు "హీబ్రూ మంత్రసానులు" అనీ, "హీబ్రూ స్త్రీలకు కాన్పు చేసే మంత్రసానులు" అనీ రెండు రకాలుగానూ అర్థం చెప్పవచ్చు. పాత గ్రీకు అనువాదం రెండో దారి పట్టింది. 15వ శతాబ్దపు యూదు వ్యాఖ్యాత అబ్రవనేల్ కూడా వాళ్ళు ఐగుప్తు స్త్రీలేనన్నాడు. తన జాతి పిల్లల్ని చంపమంటే ఏ మంత్రసాని వింటుంది, ఫరో అంత అమాయకుడా అన్నది అక్కడి తర్కం. అదే నిజమైతే కథ ఇంకా పదునెక్కుతుంది. అప్పటికి సీనాయి లేదు, ధర్మశాస్త్రం లేదు, ఆజ్ఞలు లేవు. దేవుడి పేరైనా వాళ్ళకు సరిగ్గా తెలిసి ఉండదు. అయినా ఒక గీత దాటకూడదని తెలుసు. ఆ తెలియడానికే కథకుడు దేవుని భయం అని పేరు పెట్టాడు.

ఒకే అధ్యాయంలో ఒకవైపు భయం లేని జ్ఞానం, ఇంకోవైపు భయంతో మొదలైన జ్ఞానం. ఫరో తెలివికి ఆపే చెయ్యి ఏదీ లేదు. వెట్టిచాకిరీతో మొదలై, మంత్రసానులతో రహస్య హత్యల దాకా వెళ్ళి, చివరికి పసివాళ్ళను నదిలో పారేయమని జనానికంతా బహిరంగంగా ఆజ్ఞ ఇచ్చేదాకా ఆ తెలివి నడిచింది. నదిలో వదిలిన ఒక పిల్లవాడు అతని ఇంట్లోనే పెరిగాడు, అతని కూతురి చేతుల మీద. అంత ఎత్తు వేసినవాడికి తన ఇంట్లో ఏం జరుగుతోందో తెలియలేదు. భయం జ్ఞానానికి ఎందుకు మొదలో దీన్ని బట్టి అర్థమవుతుంది. నేను ఏం చేసినా చెల్లుతుందనుకునేవాడికి లోకం ఉన్నది ఉన్నట్టు కనబడదు. తనకంటే పైన ఇంకేదో ఉందని ఒప్పుకున్నవాడికే అది కనబడటం మొదలవుతుంది.

మంత్రసానులది ప్రాణాల మీదికొచ్చిన సందర్భం. మామూలు రోజుల్లో ఈ భయం ఎక్కడుంటుంది? లేవీయకాండంలో నీ దేవునికి భయపడు అనే హెచ్చరిక ఒక పల్లవిలాగా అయిదు చోట్ల వస్తుంది. ఎక్కడెక్కడ వస్తుందో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. గుడి గురించీ, బలుల గురించీ చెప్పేచోట కాదు. చెవిటివాణ్ణి తిట్టొద్దు, గుడ్డివాడి దారికి అడ్డం పెట్టొద్దు అన్నచోట. తల నెరిసినవాళ్ళ ముందు లేచి నిలబడమన్నచోట. భూమి అమ్మకం కొనుగోళ్ళలో ఒకరినొకరు మోసం చేయొద్దన్నచోట. చితికిపోయినవాడి దగ్గర వడ్డీ తీసుకోవద్దన్నచోట. కింద పనిచేసేవాణ్ణి కర్కశంగా ఏలొద్దన్నచోట. చెవిటివాడు తిట్టు వినలేడు, గుడ్డివాడు రాయి పెట్టిన చేతిని చూడలేడు. సాక్ష్యం లేదు, ఫిర్యాదు లేదు. మనుషుల న్యాయస్థానం అందుకోలేని ఆ ఖాళీల్లోనే భయం కాపలా కూర్చుంటుంది.

11వ శతాబ్దంలో ఫ్రాన్సులోని ట్రాయ్ నగరంలో ఉండి వ్యాఖ్యానం రాసిన రాషీ, ఈ గుడ్డివాడి వచనం దగ్గర పాత యూదు సంప్రదాయాన్ని అందుకుని ఇంకో మెట్టు పైకెక్కాడు. గుడ్డివాడంటే కళ్ళు లేనివాడు మాత్రమే కాదు, ఆ వ్యవహారంలో ఏమీ తెలియనివాడు కూడా అన్నాడు. ఉదాహరణ కూడా ఉంది. నీ పొలం అమ్మేసి గాడిదను కొనుక్కోమని ఒకడికి హితవు చెప్పి, ఆ తరవాత ఆ పొలం తానే చేజిక్కించుకునేవాడు గుడ్డివాడి కాళ్ళకు అడ్డం పెట్టినట్టే. బయటికి ఇది స్నేహితుడి సలహా. తేడా వస్తే, నేను నీ మంచి కోరే చెప్పానంటాడు. కాదని ఎవరు రుజువు చేయగలరు? అతని మనసులో ఉన్నది అతనికి తెలుసు, దేవుడికి తెలుసు. అలా మనసుకు మాత్రమే తెలిసే వ్యవహారాల దగ్గరే ఈ హెచ్చరిక చేర్చారని రాషీ వివరణ. పట్టా లేని భూముల బేరాలు చూసిన తెలుగు పాఠకుడికి ఇంతకన్నా వివరించాల్సిన పని లేదు.

లేవీయకాండమే తల్లికీ తండ్రికీ భయపడమని కూడా చెబుతుంది, అందులోనూ తల్లినే ముందు పెట్టి. అదే క్రియ. ఈ భయం అంటే ఏమిటో తాల్ముదు గురువులు చాలా సాదాగా చెప్పారు. తండ్రి కూర్చునే చోట కూర్చోకపోవడం, ఆయన మాట్లాడాల్సిన చోట తాను మాట్లాడకపోవడం, ఆయన మాటకు అడ్డం చెప్పకపోవడం. వణకమని చెప్పలేదు, ఆ చోటు నాది కాదు అని తెలుసుకోమన్నారు. మన ఇళ్ళలో నాన్న పడక్కుర్చీ ఖాళీగా ఉన్నా పిల్లలు అందులో కూర్చోని రోజులు ఉండేవి. కొట్టేవాడని కాదు, కుర్చీ ఆయనది గనుక. దేవుడి భయమన్నది కూడా చివరికి ఇదే అనిపిస్తుంది: ఆయన కుర్చీలో మనం కూర్చోకపోవడం. ఎవరు బతకాలో ఎవరు చావాలో తేల్చే కుర్చీలో ఫరో కూర్చున్నాడు. మంత్రసానులు కూర్చోలేదు.

మరి భయం వద్దు, గౌరవం చాలు అంటే ఏం పోతుంది? దీనికి తాల్ముదులోని ఒక మరణశయ్య ముచ్చట జవాబు చెబుతుంది. క్రీ.శ. 70లో యెరూషలేము ఆలయం కూలిపోయాక, యావ్నెలో విద్యను మళ్ళీ నిలబెట్టిన గురువు యోహానాన్ బెన్ జక్కాయ్. చివరి ఘడియల్లో శిష్యులు దీవించమని అడిగారు. మనుషులంటే మీకు ఎంత భయమో, దేవుడన్నా అంత భయం ఉండుగాక అన్నాడు. శిష్యులు నిరాశపడ్డారు. అంతేనా గురువుగారూ, అంతకంటే ఎక్కువ కాదా అన్నారు. అంతైనా ఉంటే అదే పదివేలన్నట్టు ఆయన జవాబిచ్చాడు. తప్పు చేసేవాడు ఎప్పుడూ ఎవరూ చూడకూడదనే కదా కోరుకుంటాడు అన్నాడు. గౌరవం అనే మాటను ఆ మంచం దగ్గరికి తీసుకెళితే తేలిపోతుంది. మనం గౌరవించేవాళ్ళను వాళ్ళ వెనక మోసం చేయగలం, చేస్తూనే ఉంటాం. పటానికి దండ వేసి, ఆ పటం కిందే లంచం లెక్కపెట్టుకోవడం గౌరవానికి అడ్డం కాదు. చూస్తున్నారన్న భయం అలా కుదరనివ్వదు.

ఇక "మొదలు" అన్న మాట. కీర్తనలో ఉన్నది రేషీత్. బైబిలు మొట్టమొదటి పదంలో ఉన్నదీ ఇదే. దీనికి ఆరంభమనే కాదు, తొలిపంట, శ్రేష్ఠమైన భాగం అనే అర్థాలూ ఉన్నాయి. అందుకని భయం జ్ఞానంలో ముఖ్య భాగమనే అనుకోవాలి, మొదటి మెట్టు అనుకోనక్కర్లేదు అంటారు కొందరు. కానీ సామెతల తొమ్మిదో అధ్యాయంలో మాట మార్చి తెహిల్లా అన్నారు. దానికి ఆరంభమనే అర్థం. కాబట్టి మెట్టు మెట్టే. అయితే ఎక్కాక వదిలేసే మెట్టు కాదు. సామెతల గ్రంథం ఆ భయంతో తలుపు తీసి, చివరి అధ్యాయంలో దేవునికి భయపడే స్త్రీని మెచ్చుకుంటూ తలుపు వేస్తుంది. రెండో అధ్యాయంలో అయితే వెండిని తవ్వినట్టు జ్ఞానాన్ని వెతికితే అప్పుడు ఆ భయం అర్థమవుతుందని వరసనే తిరగేసింది. 12వ శతాబ్దపు వైద్యుడు, తత్వవేత్త మైమొనిదీస్ కూడా ఈ దారినే వివరించాడు. సృష్టిని పరికించి చూసేవాడికి ముందు ప్రేమ పుడుతుంది, తెలుసుకోవాలన్న దాహం పుడుతుంది. ఇంకా ఆలోచిస్తే ఇంత లోకంలో తానెంత అల్పుడో తెలిసి ఒక్క అడుగు వెనక్కి వేస్తాడు. అక్కడ జ్ఞానమే భయాన్ని కంటోంది. మొదట ఉన్న భయమే చివరా ఉంటుంది, ఈసారి తెలిసి ఉంటుంది.

111వ కీర్తనను హీబ్రూ అక్షరమాల వరసలో అల్లారు. ఇరవై రెండు అక్షరాలు, ఇరవై రెండు పాదాలు. రేషీత్ అనే మాట రేష్ అనే ఇరవయ్యో అక్షరం దగ్గర వస్తుంది. దాని ముందు పాదంలోనే దేవుడి నామాన్ని నోరా అన్నారు, భయం పుట్టించేది అని. నోరా, యిర్‌ఆ ఒకే ధాతువు పిల్లలు. అంటే ఈ భయం ఎక్కడి నుంచి వచ్చిందో పక్క పాదంలోనే చెప్పారు. మనిషి పిరికితనం నుంచి కాదు, ఎదురుగా ఉన్నవాడి ఘనత నుంచి. దాని తరవాతి కీర్తన, 112వది, అచ్చం అదే అల్లిక. దేవుడికి భయపడే మనిషి ధన్యుడని మొదలవుతుంది. కొన్ని పాదాలు దాటాక, ఆ మనిషి చెడు వార్త వచ్చినా భయపడడని చెబుతుంది, శత్రువుల ఎదుటా భయపడడని మళ్ళీ చెబుతుంది. మూడు చోట్లా అదే క్రియ. మన పాపభీతిగల మనిషి ముడి అక్కడ వీడిపోయింది. భయం ఒకచోట పూర్తిగా ఖర్చయినవాడి దగ్గర మిగతావాళ్ళకు ఇవ్వడానికి మిగలదు.

ఇంతా చెప్పాక ఒక నిజం దాచకూడదు. ఈ వచనంతో మనుషుల్ని బెదిరించినవాళ్ళు అన్ని కాలాల్లోనూ ఉన్నారు. దేవుడి పేరు చెప్పి తమ మాట చెల్లించుకున్నవాళ్ళు, ప్రశ్న అడిగిన పిల్లవాణ్ణి నరకం చూపించి కూర్చోబెట్టినవాళ్ళు, భార్యను అణచడానికి ఇదే వచనం ఎత్తినవాళ్ళు. ఈ ప్రమాదం గ్రంథానికి తెలియనిది కాదు. జనం తన పట్ల చూపే భయం మనుషులు నేర్పితే వల్లించుకున్న పాఠమైపోయిందని దేవుడే నిష్ఠూరమాడినట్టు యెషయా రాశాడు. యోనా అనే ప్రవక్త తుపానులో ఊగిపోతున్న ఓడలో నిలబడి, నేను పరలోకపు దేవునికి భయపడేవాణ్ణని దర్జాగా చెప్పుకున్నాడు. అప్పుడతను ఆ దేవుడి మాట కాదని పారిపోతున్నాడు. నిర్వచనం తప్పు లేకుండా అప్పజెప్పాడు, పని మాత్రం పూర్తిగా అడ్డదిడ్డం. అతన్ని సముద్రంలో పడేయక తప్పదన్నా చివరిదాకా తెడ్లు వేసి ఒడ్డుకు చేర్చాలని చూసినవాళ్ళు, నిర్దోషి ప్రాణం తీసిన పాపం మాకు అంటకూడదని వేడుకున్నవాళ్ళు, ఆ దేవుడి పేరైనా అప్పటిదాకా వినని అన్యదేశపు నావికులు. ఆ అధ్యాయం చివర దేవుడికి నిజంగా భయపడింది వాళ్ళేనని కథకుడు రాశాడు.

కాబట్టి దేవుడి భయం గురించి ఇకమీదట ఎవరు చెప్పినా, ముందు ఆ భయం ఎవరిని కాపాడుతోందో చూడండి. చెప్పేవాణ్ణి కాపాడితే అది ఫరో తెలివి. చెవిటివాణ్ణీ, గుడ్డివాణ్ణీ, బాకీపడ్డవాణ్ణీ, కాన్పు రాళ్ళ మీద పసివాణ్ణీ కాపాడితే అది వచనం చెప్పిన భయం. మొదటిదాన్ని నిస్సంకోచంగా వదిలించుకోవచ్చు. రెండోదాన్ని గౌరవమని పేరు మార్చి పలచన చేయకండి. భయాన్ని భయంగానే ఉండనివ్వండి.